పెళ్లి సంగతి ఉపపదం చెప్పాలి, మనిషి సంగతి దారకారకుడు చెప్పాలి
(స్మారకోపన్యాస పాఠం)

గురువుగారి స్మారకోపన్యాసం కనుక ఆయనకు ప్రాణమైన జైమినీయం గురించే మాట్లాడమన్నారు. జైమినీయం సముద్రం. గంటసేపట్లో దాన్ని ఈదలేం కనుక ఒక్క రేవులో దిగుతాను. ఎవరైనా జాతకం తెచ్చి వివాహ విషయం అడిగితే గురువుగారు ముందు ఎదురు ప్రశ్న వేసేవారు: "పెళ్లి గురించి అడుగుతున్నారా, పెళ్లాం గురించి అడుగుతున్నారా?" వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. పెళ్లి నిలుస్తుందా, ఎలా నడుస్తుంది అన్నది ఒక ప్రశ్న. వచ్చే మనిషి ఎలాంటిది, ఎలాంటివాడు అన్నది మరో ప్రశ్న. జైమిని పద్ధతిలో మొదటిదానికి ఉపపదం, రెండోదానికి దారకారకుడు జవాబు చెప్పాలి. ఈ రెంటినీ కలిపేసి చదవడం వల్లే మన దగ్గర సగం తప్పులు జరుగుతున్నాయని నా అభిప్రాయం. ఇవాళ్టి మాట అంతా దాని గురించే.

లెక్క ఎలా వేయాలి

ముందు దారకారకుడు. రవి నుంచి శని దాకా ఏడు గ్రహాలు తామున్న రాశిలో ఎన్ని భాగలు నడిచాయో చూసి వరుసగా పేర్చాలి. రాశి ఏదన్నది ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు, భాగలు, కళలే ప్రధానం. అందరికన్నా ఎక్కువ నడిచినవాడు ఆత్మకారకుడు. ఆ తర్వాత అమాత్య, భ్రాతృ, మాతృ, పుత్ర, జ్ఞాతి కారకులు. అందరికన్నా తక్కువ నడిచినవాడు దారకారకుడు. రాహువును కలుపుకుని ఎనిమిది కారకులను లెక్కించేవారూ ఉన్నారు. రాహువు వెనక్కి నడుస్తాడు కనుక అతని భాగల్ని ముప్ఫైలోంచి తీసివేసి వరుసలో పెడతారు. శ్లోకాల్లో 'భార్య' అని ఉన్నా, స్త్రీ జాతకంలో ఇదే లెక్క భర్తకు వర్తిస్తుంది.

ఇక ఉపపదం. ఇది పన్నెండో భావానికి ఆరూఢం. పన్నెండో రాశి నుంచి దాని అధిపతి ఎన్నో రాశిలో ఉన్నాడో లెక్కపెట్టి, అధిపతి ఉన్న చోటు నుంచి మళ్లీ అంతే దూరం లెక్కపెడితే వచ్చే రాశి ఉపపదం. లెక్కలో బయలుదేరే రాశిని కూడా కలుపుకోవాలి. విద్యార్థులు మొదట తప్పేది ఇక్కడే.

దీనికో మినహాయింపుంది. ఇలా వచ్చిన రాశి బయలుదేరిన రాశే అయినా, దానికి సప్తమమైనా, వచ్చిన చోటి నుంచి పదో రాశిని తీసుకోవాలి. ఉదాహరణకు పన్నెండో భావం కన్య, బుధుడు మిథునంలో ఉన్నాడనుకోండి. కన్య నుంచి మిథునం పది. మిథునం నుంచి పది మీనం. మీనం కన్యకు సప్తమం కనుక అక్కడ ఆగకూడదు. మీనం నుంచి పదో రాశి ధనుస్సు ఉపపదం అవుతుంది. జాతకాలు వేసే సాఫ్ట్‌వేర్లలో ఈ మినహాయింపును ఉంచుకునే, తీసేసే అమరిక ఉంటుంది. అందుకే ఒకే పిల్లవాడి జాతకంలో ఒకచోట మీనం, మరోచోట ధనుస్సు ఉపపదంగా కనిపించి తల్లిదండ్రులు కంగారుపడతారు. ఒకసారి చేత్తో వేసి చూసుకుంటే ఆ కంగారు తీరుతుంది.

పన్నెండో భావమేనా అన్నదానిపై వ్యాఖ్యాతల్లో భేదం ఉంది. బేసి లగ్నానికి పన్నెండు, సరి లగ్నానికి రెండు తీసుకోవాలని ఒక వర్గం. అన్ని లగ్నాలకూ పన్నెండే అని మరో వర్గం. బృహత్పరాశర హోరలోని ఉపపదాధ్యాయం పన్నెండునే చెబుతుంది. నేనూ పన్నెండే వాడతాను. వాదం జోలికి పోకుండా విషయం చూపించాలంటే, ఏ వర్గం లెక్క వేసినా ఒకటే వచ్చే జాతకం కావాలి. అలాంటిది ఒకటి ఎంచుకున్నాను.

గాంధీజీ జాతకం

1869 అక్టోబరు 2, పోర్‌బందర్, ఉదయం ఏడు దాటాక జననం. జ్యోతిష్కులు ఎక్కువగా వాడేది తులాలగ్నం. తుల బేసి రాశి కనుక పైన చెప్పిన రెండు వర్గాలూ పన్నెండో భావాన్నే తీసుకుంటాయి.

లాహిరి అయనాంశతో గ్రహాలు సుమారుగా ఇలా ఉన్నాయి. రవి కన్యలో 17 భాగలు. చంద్రుడు కర్కాటకంలో 28. తులలో మూడు గ్రహాలు: కుజుడు 26, శుక్రుడు 24, బుధుడు 12కు కాస్త తక్కువ. గురువు మేషంలో 28, వక్రించి ఉన్నాడు. శని వృశ్చికంలో 20. రాహువు కర్కాటకంలో 12, కేతువు మకరంలో.

దారకారకుడెవరు? బుధుడు. అతనికి పైనున్నవాడు 17 భాగల రవి. మధ్య అయిదు భాగల ఖాళీ ఉంది. రాహువును కలిపినా అతని లెక్క 18 దగ్గరకు వస్తుంది కనుక బుధుడి స్థానం చెదరదు. ఏడు కారకులన్నా, ఎనిమిదన్నా బుధుడే.

ఉపపదం ఏది? పన్నెండో భావం కన్య. అధిపతి బుధుడు తులలో, అంటే రెండో రాశిలో ఉన్నాడు. తుల నుంచి రెండోది వృశ్చికం. అది కన్యకు మూడోది కనుక మినహాయింపు వర్తించదు. ఉపపదం వృశ్చికం. అందులో శని కూర్చున్నాడు.

ఇప్పుడు ఒక సంబంధం చూసే సందర్భం ఊహించుకోండి. అమ్మాయి తండ్రి ఇదే గ్రహస్థితి ఉన్న అబ్బాయి జాతకం తెచ్చాడు. ఉపపదంలో శని కనిపించగానే మనలో చాలామంది చెప్పే మాట ఏమిటో మీకు తెలుసు. శాస్త్రమూ ఆ భయానికి కొంత ఆధారం ఇస్తుంది. ఉపపదంలో పాపగ్రహం ఉంటే సన్న్యాసమో, భార్యాహానియో అని ఉపపదాధ్యాయం చెబుతుంది. అయితే ఆ వెంటనే, అక్కడ శుభగ్రహ సంబంధం ఉంటే ఆ హాని ఉండదనీ చెబుతుంది. మనవాళ్లు మొదటి మాట కంఠస్థం చేసి రెండోది వదిలేస్తారు.

శుభ సంబంధం ఉందో లేదో చూడడానికి రాశి దృష్టి వాడాలి. ఇక్కడ పరాశరీయంలోని సప్తమ దృష్టి, గురువుకు అయిదు తొమ్మిది దృష్టులు పనికిరావు. చర రాశి తన పక్కనున్న స్థిర రాశిని వదిలి మిగిలిన మూడు స్థిర రాశుల్ని చూస్తుంది. స్థిర రాశి కూడా అలాగే పక్క చర రాశిని వదిలి మిగిలిన మూడింటిని చూస్తుంది. ద్విస్వభావ రాశులు ఒకదాన్నొకటి చూసుకుంటాయి. రాశి చూస్తే అందులోని గ్రహమూ చూసినట్టే.

వృశ్చికం స్థిరం. పక్కనున్న తుల పోగా మేషం, కర్కాటకం, మకరం దాన్ని చూస్తున్నాయి. మేషంలో గురువు ఉన్నాడు. కర్కాటకంలో రాహువుతో కలిసిన క్షీణచంద్రుడు, మకరంలో కేతువు ఉన్నారు. నలుపూ తెలుపూ కలిసిన చూపులివి. గురువొక్కడే నిక్కమైన శుభుడు. మిగతా ముగ్గురూ చిక్కులు పెట్టేవారే. కనుక ఈ పెళ్లి సుఖంగా సాగిపోతుందని చెప్పే జాతకం కాదిది. తెగుతుందని చెప్పేదీ కాదు.

ఇంకో మెట్టు ఎక్కాలి. ఉపపదం పెళ్లి రూపాన్ని చెబితే, పెళ్లి నిలకడను ఉపపదానికి రెండో రాశి చెబుతుంది. ఇక్కడ రెండోది ధనుస్సు. అందులో గ్రహాలు లేవు. దాన్ని చూసే ద్విస్వభావ రాశుల్లో కన్యలో రవి ఒక్కడే ఉన్నాడు. ఈ సందర్భంలో రవిని ఉత్త పాపిగా తీసుకోరు. నీచలోనో శత్రుక్షేత్రంలోనో ఉంటేనే అతను పాపి కింద లెక్క. బుధుడు రవికి సముడు కనుక కన్యలో ఆ దోషం లేదు. ఇక ధనుస్సుకు అధిపతి ఎవరు? గురువు. మేషంలో, మిత్రక్షేత్రంలో ఉండి ఉపపదాన్ని చూస్తున్నవాడే. పెళ్లిని నిలబెట్టాల్సిన స్థానానికి అధిపతే, పెళ్లిలో కూర్చున్న శనిని అదుపు చేస్తున్నాడు. ఈ జాతకంలో పట్టుకోవలసిన కీలకం ఇదే.

ఫలం చూడండి. 1883లో, పదమూడేళ్ల వయసులో పెళ్లయింది. 1906లో బ్రహ్మచర్య వ్రతం పట్టారు. శని ఉపపదంలో ఉంటే శాస్త్రం చెప్పిన వైరాగ్యం అక్షరాలా వచ్చింది. కానీ అది పెళ్లి బయటికి వెళ్లి పట్టిన సన్న్యాసం కాదు, పెళ్లి లోపలే ఉండి పట్టింది. 1944 ఫిబ్రవరి 22న పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో, నిర్బంధంలో ఉండగా కస్తూర్బా కన్నుమూసే దాకా ఆ బంధం సుమారు అరవై ఏళ్లు నిలిచింది. శని అడిగింది శని తీసుకున్నాడు, గురువు కాపాడాల్సింది గురువు కాపాడాడు. ఉపపదంలో శనిని చూసి "ఈ సంబంధం వద్దు" అనేవారు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ చూడరు.

మనిషి సంగతి

ఇంతవరకు మనం కస్తూర్బా ఎలాంటి మనిషో ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఉపపదంలో శని ఉన్నాడు కదా అని "భార్య నల్లగా ఉంటుంది, మందకొడి, రోగిష్ఠి" అని చెప్పడం రెండు ప్రశ్నల్ని కలిపేయడమే. అక్కడి శని పెళ్లిలోని కట్టుబాటునూ, త్యాగాన్నీ చెబుతున్నాడు. మనిషి కోసం దారకారకుడైన బుధుడి దగ్గరికి వెళ్లాలి.

బుధుడు తులలో, మిత్రక్షేత్రంలో, లగ్నంలోనే ఉన్నాడు. వైశ్య గ్రహం, కుమార గ్రహం. కస్తూర్బా పోర్‌బందర్ వర్తక కుటుంబపు ఆడపడుచు. పెళ్లినాటికి ఇద్దరూ పిల్లలే. దారకారకుడు లగ్నంలో ఉంటే జీవిత భాగస్వామి జాతకుడి బతుకు నడిబొడ్డున ఉంటుంది. ఆమె జీవితం అంతా ఆయన ఆశ్రమాల్లో, ఉద్యమాల్లో గడిచింది. 1913లో దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో జైలుకూ వెళ్లింది. దారకారకుడితో కుజ శుక్రులు కలిశారు. వీరిలో కుజుడు ఉపపదాధిపతి కూడా. పెళ్లికి అధిపతి, పెళ్లాడిన మనిషికి కారకుడు ఒకే రాశిలో ఉండటం వల్ల ఆ ఇద్దరి బతుకులూ విడదీయలేనివయ్యాయని చదవాలి. కుజ శుక్రుల కలయిక తొలినాళ్ల మోహాన్నీ, అనుమానాన్నీ, గొడవల్నీ చెబుతుంది. వీటిని గాంధీజీ తన ఆత్మకథలో తానే దాచకుండా రాసుకున్నారు.

నవాంశ చూద్దాం. తుల చర రాశి కనుక నవాంశలు తుల నుంచే మొదలవుతాయి. పన్నెండు భాగల దగ్గర నాలుగో నవాంశ, అంటే మకరం. దారకారకుడు శని ఇంట ఉన్నాడు. శని కూడా అదే మకర నవాంశలో ఉన్నాడు. కానీ శని ఆ నవాంశలోకి మూడో వంతు భాగే లోపలికి వచ్చాడు. పంచాంగంలో కొద్ది తేడా ఉన్నా వెనకున్న ధనుర్నవాంశకు జారిపోతాడు. అందుకే దీన్ని బలపరిచే సాక్ష్యంగానే వాడతాను, దీని మీదే ఫలం నిలబెట్టను.

కారకాంశకు సప్తమంలో ఉన్న గ్రహాన్ని బట్టి భార్యను చెప్పే సూత్రాలు జైమినీయంలో ఉన్నాయి. అక్కడ శని ఉంటే వయసులో పెద్దదో, తపస్వినో, రోగిణో అవుతుందని అర్థం. ఈ జాతకంలో ఆ దారిన వెళ్లడం కష్టం. చంద్రుడు, గురువు ఇద్దరూ 28 భాగల్లో కళల తేడాతో ఉన్నారు కనుక ఆత్మకారకుడే తేలడు. కారకాంశ తేలకుండా దాని సప్తమం ఎక్కడిది? కనుక ఆ ఫలాల్ని దారకారకుడి నవాంశలో కలిసిన గ్రహానికి అన్వయిస్తాను. ఇది నా పద్ధతి, సూత్రం కాదు. అలా చూస్తే కస్తూర్బా గాంధీజీకన్నా కొన్ని నెలలు పెద్ద. సాదా బతుకు, ఉపవాసాలు, చివర్లో జబ్బు అన్నీ సరిపోతాయి.

ఇక సరిపోనిది కూడా చెప్పాలి. బుధుడు దారకారకుడైతే పుస్తకాలన్నీ చెప్పే మొదటి మాట "చదువుకున్న భార్య". కస్తూర్బాకు పెళ్లినాటికి చదువు లేదు. చదివిద్దామని గాంధీజీ చేసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదని ఆయనే రాశారు. బుధుడు కన్యలో ఉచ్చలోనో, మిథునంలో స్వక్షేత్రంలోనో లేడు, నవాంశలో శని ఇంట్లో ఉన్నాడు అని సర్దుకోవచ్చు. నేను అలా సర్దను. గ్రహ కారకత్వాల్లో ఏది పైకి వస్తుందో ముందుగా చెప్పే సూత్రం మన చేతిలో లేదు. బుధుడికి విద్య, వాణిజ్యం, బాల్యం, మాట అన్నీ ఉన్నాయి. అందులో ఈ జీవితంలో రెండు కనిపించాయి, ఒకటి కనిపించలేదు.

ఎక్కడ తప్పుతాం, ఎలా తెలుస్తుంది

దారకారకుడి విషయంలో అతిపెద్ద ప్రమాదం రాశి సంధిలో ఉంది. అయనాంశ మార్చితే గ్రహాలన్నీ ఒకే మేరకు కదులుతాయి కనుక వరుస మారదని చాలామంది అనుకుంటారు. మారుతుంది. బి.వి. రామన్ గారి అయనాంశ లాహిరి కన్నా దాదాపు ఒకటిన్నర భాగ తక్కువ. అందువల్ల ఆయన లెక్కలో గ్రహాలన్నీ అంత ముందుకు జరుగుతాయి. ఒక జాతకంలో శుక్రుడు లాహిరి ప్రకారం 29 భాగల 20 కళల్లో ఉన్నాడనుకోండి. అతను ఆత్మకారకుడు. రామన్ లెక్కలో అతనే పక్క రాశిలో సున్నా భాగల 47 కళల దగ్గర తేలి దారకారకుడవుతాడు. ఆత్మను చెప్పాల్సినవాడు భార్యను చెప్పడం మొదలుపెడతాడు. మన తెలుగు పంచాంగాల్లో దృక్ పద్ధతికీ, పూర్వ పద్ధతికీ మధ్య తేడాతోనూ ఇదే జరగవచ్చు. అందుకే ఏ గ్రహమైనా రాశిలో మొదటి రెండు భాగల్లోనో, చివరి రెండు భాగల్లోనో ఉంటే, రెండు లెక్కలూ వేసి చూడకుండా దారకారకుణ్ణి ప్రకటించకండి. అలాగే అడుగున ఉన్న ఇద్దరి మధ్య తేడా కొన్ని కళలే అయితే ఇద్దర్నీ చదవండి, ఒకరినే పట్టుకుని వర్ణన చేయకండి.

రెండో హద్దు ఏమిటంటే, దారకారకుడు జన్మసమయం మీద పెద్దగా ఆధారపడడు. చంద్రుడొక్కడే గంటకు అర భాగ చొప్పున పరుగెడతాడు, మిగతావారు నెమ్మది. కనుక ఆ రోజు పుట్టినవారిలో చాలామందికి ఒకే దారకారకుడు ఉంటాడు. ఉపపదం అలా కాదు. లగ్నం రాశి మారితే ఉపపదమూ మారే అవకాశం ఉంది. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి రాశి మారుతుంది. అంటే జన్మసమయం మీద అనుమానం ఉన్న జాతకంలో దారకారకుణ్ణి ధైర్యంగా చదవవచ్చు, ఉపపదాన్ని చదవకూడదు. పల్లెల్లో పుట్టిన పెద్దల జాతకాలకు ఇది బాగా గుర్తుంచుకోవాలి. "తెల్లవారుజామున, కోడి కూసేవేళ" అన్నప్పుడు లగ్నం రెండు రాశుల్లో ఎక్కడైనా ఉండవచ్చు. అలాంటి జాతకంలో ఉపపదం పేరెత్తి పెళ్లి తెగుతుందని చెప్పడం అన్యాయం.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇందాక నేను చేసింది తెలిసిన జీవితాన్ని జాతకంలో చూపించడం. అది పద్ధతిని నేర్పుతుంది, పద్ధతిని రుజువు చేయదు. 1906 తెలిసినవాడికి ఉపపదంలో శని కనిపించడం కష్టం కాదు. అదే జాతకంలో శని బదులు గురువు ఉపపదంలో ఉండి ఉంటే, "ధర్మగ్రహం కనుక వ్రతం" అని మనం అంతే సులువుగా చెప్పి ఉండేవాళ్లం. ఈ ఉచ్చులోంచి బయటపడాలంటే దారి ఒకటే. పెళ్లి కాని జాతకం వచ్చినప్పుడు, ఏమీ అడగకముందే రెండు వాక్యాలు తేదీ వేసి రాసి పెట్టండి. ఒకటి ఉపపదం, దాని రెండో రాశి చూసి పెళ్లి గురించి. ఇంకోటి దారకారకుడి రాశి, నవాంశ చూసి మనిషి గురించి. ఏ వాక్యమూ అటూ ఇటూ తిప్పి చెప్పుకోవడానికి వీలు లేకుండా ఉండాలి. "కొన్ని ఒడిదుడుకులు ఉంటాయి" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. "వర్తక కుటుంబం నుంచి వస్తుంది" అని రాస్తే తప్పో ఒప్పో తేలుతుంది. కొన్నేళ్లకు ఆ కాగితాలు తీసి చూసుకుంటే, మనం ఏ గ్రహాన్ని ఎక్కువ నమ్ముతున్నామో, ఎక్కడ వరుసగా తప్పుతున్నామో మన చేతిరాతే చెబుతుంది.

చివరిగా, సంబంధం అడగడానికి వచ్చినవారి ముందు ఏం మాట్లాడాలో చెప్పి ముగిస్తాను. ఉపపదంలో పాపి ఉంటే వెంటనే నోరు తెరవకండి. రాశి దృష్టితో శుభుడెవరైనా చూస్తున్నాడా, రెండో రాశి ఎలా ఉంది, దాని అధిపతి ఎక్కడున్నాడు అన్న మూడూ చూడండి. మూడూ చెడితేనే జాగ్రత్త చెప్పండి, అదీ పెళ్లి గురించే చెప్పండి. అవతలి మనిషి గుణం గురించి చెప్పకండి. దారకారకుడు పాడైన జాతకం చూసి అవతలివారి పిల్లను చెడ్డదనకండి. ఆ గ్రహం ఈ జాతకుడి జాతకంలోది, ఆ పిల్ల జాతకంలోది కాదు. ఆమె సంగతి ఆమె జాతకం చెప్పాలి. గురువుగారి ఎదురు ప్రశ్నను పాఠంగా తీసుకున్నవాళ్లెవరూ ఈ రెంటినీ కలిపి ఒక ఆడపిల్ల సంబంధం చెడగొట్టరు.